సర్వీస్ కంపెనీకి అప్లై చేసే ముందు బెంచ్ సంగతి ఎలా తెలుసుకోవాలి

"అన్నా, ఫలానా కంపెనీలో ఓపెనింగ్ పడింది. వెళ్తే బెంచ్‌లో కూర్చోబెడతారా?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతుంటారు. బెంచ్ అంటే చేతిలో ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా ఉండటం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. ఇది మన దేశంలోని ఐటీ సర్వీస్ కంపెనీల్లో, రెండు నుంచి ఎనిమిదేళ్ల అనుభవంతో ఉద్యోగం మారాలనుకునే వాళ్ల కోసం. ఫ్రెషర్లకు కొన్ని మెట్లు వర్తించవు.

అసలు "బెంచ్ ఉంటుందా" అన్న ప్రశ్నే సరైనది కాదు. బెంచ్ లేని సర్వీస్ కంపెనీ ఉండదు. అడగాల్సినవి రెండే. మిమ్మల్ని తీసుకుంటున్నది ఒక తేదీ, ఒక క్లయింట్ ఉన్న పనికా, లేక ఎప్పుడో అవసరం పడుతుందని ముందే పోగేసుకుంటున్నారా? ఆ తేదీ తప్పిపోతే, అక్కడి రూల్స్ ప్రకారం మీరేం పోగొట్టుకుంటారు?

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ ఓపెనింగ్ ప్రకటన పూర్తి పాఠం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత దాన్ని మార్చేస్తారు.
- మీ ప్రస్తుత ఆఫర్ లెటర్. నోటీస్ పీరియడ్ 60 రోజులా 90 రోజులా, మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లే బైఔట్‌కి ఒప్పుకుంటారా అన్నది అందులోనే ఉంటుంది.
- ఆ కంపెనీలో మీ టెక్నాలజీలోనే పనిచేస్తున్న ఇద్దరి నంబర్లు. ఒకరి మాట సరిపోదు.
- ఆ కంపెనీ గత రెండు క్వార్టర్ల ఫలితాల పత్రాలు.
- ఇంటి ఖర్చు, ఈఎంఐలు రాసుకున్న కాగితం.

ఓపెనింగ్ ఎలా పుడుతుంది

థియరీ ఇంతే, కానీ ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ప్రాజెక్ట్ మేనేజర్‌కి మనిషి కావాల్సి వచ్చినప్పుడు కంపెనీ పోర్టల్‌లో ఒక డిమాండ్ వేస్తాడు. ఏ స్కిల్, ఏ గ్రేడ్, ఏ ఊరు, ఏ తేదీ నుంచి, క్లయింట్ డబ్బు కడతాడా లేదా అన్నీ అందులో ఉంటాయి. అది ముందు ఆర్‌ఎంజీకి, అంటే మనుషుల్ని ప్రాజెక్టులకు సర్దే విభాగానికి వెళ్తుంది. వాళ్లు మొదట బెంచ్‌లో ఉన్నవాళ్లలో వెతుకుతారు. అక్కడ దొరక్కపోతేనే బయట నుంచి తీసుకోమని రిక్రూట్‌మెంట్ టీమ్‌కి చెబుతారు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. మీరు సెలెక్ట్ అయిన రోజున ఆ డిమాండ్ నిజంగానే ఖాళీగా ఉండొచ్చు. కానీ మీరు 90 రోజులు నోటీస్ చేసి వచ్చేలోపు వేరే ప్రాజెక్ట్ నుంచి రిలీజై బెంచ్‌లోకి వచ్చిన ఒకతన్ని ఆర్‌ఎంజీ అందులో కూర్చోబెడుతుంది. మేనేజర్‌ది తప్పు కాదు, క్లయింట్ మూడు నెలలు ఆగడు. మీరు బ్యాగ్ తగిలించుకుని వెళ్లేసరికి కుర్చీ నిండిపోయి ఉంటుంది. "జాయినైన రోజే బెంచ్" అనే కథల్లో నాకు తెలిసిన చాలావాటికి కారణం ఇదే. నాకూ ఇలాగే జరిగింది. 47 పనిదినాలు ఖాళీగా కూర్చున్నాక, డెవలపర్‌గా చేరినవాణ్ని వేరే ఊళ్లో నైట్ షిఫ్ట్ సపోర్ట్‌కి పంపారు.

1. ప్రకటన చదివి అది ఏ రకమో తేల్చండి

ఒకే ఊరు, ఒక డొమైన్ (బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ లాంటివి), ఫలానా వెర్షన్, ఫలానా టూల్ అని వివరంగా ఉంటే వెనక ఒక మేనేజర్ ఉన్నాడని అర్థం. "హైదరాబాద్, చెన్నై, పుణె, కోల్‌కతా" అని నాలుగు ఊళ్లు, "3 నుంచి 9 ఏళ్ల అనుభవం" అని వెడల్పాటి గీత ఉంటే అది పోగేసుకునే రకం, అంటే పూల్ హైరింగ్ కావచ్చు. "ఇమ్మీడియెట్ జాయినర్స్ ఓన్లీ" అని ఉంటే మంచిదే, అక్కడ తేదీ తరుముతోందన్నమాట. కానీ మీకు 90 రోజుల నోటీస్ ఉండగా కూడా "పర్వాలేదు, రండి" అన్నారంటే ఆ తేదీ ఉత్తదే.

శనివారం వాక్‌ఇన్ డ్రైవ్ అనగానే కొట్టిపారేయకండి. కొత్తగా పెద్ద కాంట్రాక్ట్ వచ్చినప్పుడు ఒకే క్లయింట్ కోసం డ్రైవ్ పెట్టి ఒకేసారి చాలామందిని తీసుకుంటారు. క్లయింట్ ఒక్కరేనా అని అక్కడే అడిగితే తేలిపోతుంది.

2. రిక్రూటర్‌ని సూటిగా, మర్యాదగా అడగండి

మొదటి ఫోన్‌లోనే అడగండి. జీతం మాట్లాడుకున్నాక అడిగితే, వాళ్లకు మిమ్మల్ని చేర్చే తొందర తప్ప వేరే ఉండదు.

"మేడమ్, ఈ పొజిషన్ ఒక క్లయింట్ అకౌంట్‌కి మ్యాప్ అయి ఉందా, లేక పూల్ హైరింగా?"
"అకౌంట్ పేరు చెప్పడానికి వీల్లేదండీ."
"పేరు వద్దు మేడమ్. డిమాండ్ స్టార్ట్ డేట్ ఎప్పుడు? క్లయింట్ ఇంటర్వ్యూ ఆఫర్‌కి ముందా, జాయినయ్యాకా?"

ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే విలువైనది. ఆఫర్‌కి ముందే క్లయింట్ ఇంటర్వ్యూ ఉంటే కుర్చీ చాలావరకు మీదే. జాయినయ్యాక ఉంటుందంటే, అందులో పోతే మీరు నేరుగా బెంచ్‌లోకే వెళ్తారు. "మా దగ్గర ప్రాజెక్టులు చాలా ఉన్నాయండీ" అన్నది జవాబు కాదు. అలా అంటే పూల్ హైరింగ్ అని రాసుకోండి. పూల్ అయినంత మాత్రాన వెళ్లకూడదని కాదు, కానీ అప్పుడు కింది 3, 5 మెట్లు ఇంకా గట్టిగా చూడాలి.

3. బెంచ్ రూల్ ఏమిటో అంకెల్లో కనుక్కోండి

ఒక రూల్ దగ్గరగా చూద్దాం. టీసీఎస్ 2025 జూన్ 12 నుంచి తెచ్చిన డిప్లాయ్‌మెంట్ పాలసీ వార్తల్లో విస్తృతంగా వచ్చింది. దాని ప్రకారం ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 పనిదినాలు బిల్లింగ్‌లో, అంటే క్లయింట్ డబ్బు కట్టే పనిలో ఉండాలి, ప్రాజెక్ట్ లేకుండా ఉండేది 35 పనిదినాలు దాటకూడదు. ఏడాదికి 52 వారాలు, వారానికి 5 రోజులు అంటే 260. అందులో 225 తీస్తే మిగిలేది ఆ 35. ఖాళీగా ఉన్న రోజుల్లో ఆఫీసుకు రావాలి, రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు నేర్చుకోవాలి, ప్రాజెక్ట్ కోసం ఆర్‌ఎంజీతో ఉద్యోగే వెంటపడి మాట్లాడుకోవాలి. ఎక్కువకాలం ఖాళీగా ఉంటే జీతం, పదోన్నతి, విదేశీ అవకాశాలు, చివరికి ఉద్యోగం మీదా ప్రభావం ఉంటుందని కూడా ఉంది.

35 రోజులంటే ఏడు వారాలు. వినడానికి ఎక్కువే. కానీ ఒక ప్రాజెక్ట్ నుంచి రిలీజై ఇంకోదాంట్లో కూర్చోవడానికి ఏమేం పడుతుందో చూడండి. ఆర్‌ఎంజీ ప్రొఫైల్ పంపాలి, మేనేజర్ మాట్లాడాలి, క్లయింట్ మాట్లాడాలి, బ్యాంకింగ్ క్లయింట్ అయితే మళ్లీ విడిగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఆపైన యాక్సెస్‌లు. నేను చూసినంతలో అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఏడాదిలో ఒక్కసారి ప్రాజెక్ట్ మారడంతోనే మీ కోటా దాదాపు అయిపోతుంది. రెండోసారి రిలీజైతే గీత దాటినట్టే.

మీరు చూస్తున్న కంపెనీలో ఇవి కనుక్కోండి: ఎన్ని రోజుల హద్దు ఉంది, అది ఏడాది మొత్తానికా ఒక్కో విడతకా, జాయినైన మొదటి నెలలు అందులో కలుస్తాయా, సెలవులు, మెటర్నిటీ లీవ్ ఎలా లెక్కేస్తారు, హద్దు దాటితే ముందు వార్నింగ్ మెయిల్ వస్తుందా లేక నేరుగా హెచ్‌ఆర్ మీటింగేనా. ఆడపిల్లలు మెటర్నిటీ ప్రశ్న ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడితే లోపలి వాళ్లను అడగండి, కానీ తప్పకుండా అడగండి.

ఒక జాగ్రత్త: బెంచ్‌లో ఉన్నప్పుడు వచ్చిన ప్రాజెక్టుని వద్దనే హక్కు ఎన్నిసార్లు ఉందో కూడా తెలుసుకోండి. చాలాచోట్ల తిరస్కరించిన ప్రతిసారీ మీ పేరు మీద రికార్డవుతుంది.

4. కంపెనీ లెక్కలు చూడండి, కానీ తిరగేసి చదవకండి

ఇన్ఫోసిస్, విప్రో లాంటివి ప్రతి క్వార్టర్ ఫలితాల్లో యుటిలైజేషన్ శాతం చెబుతాయి. ఉన్న మనుషుల్లో పనిలో ఉన్నది ఎంత అన్నదే ఆ అంకె. ఇన్ఫోసిస్ ట్రైనీలను కలిపి ఒకటి, కలపకుండా ఒకటి ఇస్తుంది. మీరు అనుభవంతో వెళ్తున్నారు కాబట్టి ట్రైనీలు లేనిది చూడండి. 85 శాతం అంటే నూరు మందిలో దాదాపు పదిహేను మంది బిల్లింగ్ లేకుండా ఉన్నట్టు.

యుటిలైజేషన్ ఎక్కువుంటే భద్రత ఎక్కువ అనుకోవడం చాలామంది చేసే తప్పు. ఎక్కువుందంటే బెంచ్ సన్నగా ఉంది, బయట నుంచి తీసుకోక తప్పదు. ఓపెనింగ్ నిజమయ్యే అవకాశం ఎక్కువ, అంతవరకే. ఖాళీ అయినవాళ్లను త్వరగా పంపించేసినా ఆ శాతం పెరుగుతుంది. అందుకే పక్కనే మొత్తం ఉద్యోగుల సంఖ్య చూడండి. యుటిలైజేషన్ పెరిగి ఉద్యోగుల సంఖ్య తగ్గుతుంటే, అక్కడ బెంచ్‌కి ఓపిక తక్కువని అర్థం.

మీ గ్రేడ్ కూడా ముఖ్యం. 2025లో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించినప్పుడు, అది ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్లేనని చెప్పింది. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి బిల్లింగ్ రేటు ఎక్కువ, డిమాండ్లు తక్కువ. నాలుగేళ్లవాడికి ముప్పై రోజుల్లో దొరికేది వాళ్లకు మూడు నెలలైనా దొరక్కపోవచ్చు.

5. లోపలి వాళ్లను ఏం అడగాలి

"మీ దగ్గర బెంచ్ ఎలా ఉంటుంది?" అని అడిగితే "డిపెండ్స్ బ్రో" అని వస్తుంది. ఇలా అడగండి: "మీ టీమ్‌లో చివరిగా రిలీజైన మనిషి ఎవరు? ఎన్నాళ్లకి వేరే ప్రాజెక్ట్ దొరికింది? అదే టెక్నాలజీనా? అదే ఊరా?" ఒక మనిషి గురించి అడిగితే జనం నిజం చెబుతారు. పాలసీ గురించి అడిగితే విన్నది చెబుతారు.

ఇంకొకటి కూడా అడగాలి. అలొకేషన్ వేరు, బిల్లింగ్ వేరు. ప్రాజెక్టులో పేరు ఉంటుంది, పని కూడా చేస్తుంటారు, కానీ క్లయింట్ మీకు డబ్బు కట్టడు. దాన్ని షాడో అంటారు, బఫర్ అంటారు. రూల్ బిల్లింగ్ రోజుల మీద ఉంటే, ఆరు నెలలు రాత్రింబవళ్లు షాడోగా పనిచేసినా మీ లెక్కలో సున్నాయే పడొచ్చు. "మీ ప్రాజెక్టులో షాడోగా ఎంతమంది ఉన్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు?" అని అడగండి.

6. ఆఫర్ లెటర్‌లో నాలుగు చోట్ల గీత గీయండి

బదిలీ క్లాజు: "ఏ ఊరికైనా, ఏ షిఫ్ట్‌కైనా" అన్న వాక్యం దాదాపు అన్ని లెటర్లలోనూ ఉంటుంది. దాన్ని తీయించలేరు. బేస్ లొకేషన్ హైదరాబాదో విశాఖో లెటర్‌లో రాసి ఉందా లేదా అన్నది మాత్రం చూసుకోండి.

నోటీస్: మీరు ఇవ్వాల్సింది 90 రోజులై, కంపెనీ మీకు ఇచ్చేది 30 రోజులో లేక అన్ని రోజుల జీతమో అని ఉండొచ్చు. బెంచ్‌లో ఉన్నారని ఉద్యోగం నుంచి పంపించేటప్పుడు ఆ చిన్న అంకే పనిచేస్తుంది.

వేరియబుల్ పే: అది దేనితో ముడిపడి ఉంది? మీ పనితీరుతోనా, కంపెనీ ఫలితాలతోనా, మీ యుటిలైజేషన్‌తోనా? మూడోదైతే బెంచ్‌లో ఉన్నన్నాళ్లు అది తగ్గుతుంది. మామూలుగా బెంచ్‌లో ఫిక్స్‌డ్ జీతం వస్తుంది, షిఫ్ట్ అలవెన్సులు ఆగిపోతాయి.

రికవరీ: జాయినింగ్ బోనస్, నోటీస్ బైఔట్ కంపెనీ ఇస్తే, ఏడాదిలోపు మీరు వెళ్లిపోతే వెనక్కి కట్టాలి. కంపెనీయే పంపించేస్తే కూడా కట్టాలా? లెటర్‌లో స్పష్టంగా లేకపోతే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

7. లెక్క వేసి చూడండి: మా తమ్ముడి కథ

మా పిన్ని కొడుకు మియాపూర్‌లో ఉంటాడు. జావాలో నాలుగేళ్ల అనుభవం, 90 రోజుల నోటీస్. సెప్టెంబర్ 1న రాజీనామా చేద్దామనుకుంటూ రెండు ఓపెనింగ్‌లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

మొదటిది వాక్‌ఇన్ డ్రైవ్. నాలుగు ఊళ్లు, 13.5 లక్షలు. క్లయింట్ ఇంటర్వ్యూ జాయినయ్యాక. రెండోది ఒక ఇన్సూరెన్స్ క్లయింట్, హైదరాబాద్, 12 లక్షలు. క్లయింట్ ఇంటర్వ్యూ ముందే అయింది, నవంబర్ 10 నుంచి మనిషి కావాలన్నారు.

"లక్షన్నర తేడా అన్నా," అన్నాడు. కాగితం మీద వేశాం. మొదటిదాంట్లో 12 శాతం వేరియబుల్, అంటే 1.62 లక్షలు. మిగిలిన 11.88 లక్షలు నెలకు 99 వేలు. రెండోదాంట్లో 5 శాతం, అంటే 60 వేలు. మిగిలిన 11.4 లక్షలు నెలకు 95 వేలు. పీఎఫ్ వగైరా రెండింట్లోనూ పోతాయి. అంటే గ్యారంటీగా వచ్చే తేడా నెలకు 4 వేలే. పుణె పంపిస్తే అక్కడి రూమ్ అద్దె ముందు అది ఏమాత్రం?

తర్వాత తేదీలు చూశాం. 90 రోజులు పూర్తి చేస్తే డిసెంబర్ 1కి గానీ జాయిన్ కాలేడు. డిసెంబర్‌లో అమెరికా, యూరప్ క్లయింట్లు క్రిస్మస్ సెలవులకు చాలా పనులు ఆపేస్తారు, కొత్త బడ్జెట్లు జనవరిలో మొదలవుతాయి. పూల్‌లో చేరినవాడు ఆ నెలంతా ఖాళీగా ఉండే ప్రమాదం ఎక్కువ. రెండోదానికి నోటీస్‌ని 60 రోజులకు తగ్గించుకుంటే అక్టోబర్ 31న రిలీవ్ అయి నవంబర్ 3న చేరొచ్చు. డిమాండ్ తేదీకి వారం ముందన్నమాట.

రెండోదే ఎంచుకున్నాడు. నోటీస్‌లో 30వ రోజున, 50వ రోజున హైరింగ్ మేనేజర్‌కి ఫోన్ చేయమన్నాను. "సర్, డిమాండ్ ఇంకా ఓపెన్‌గానే ఉందా? నా పేరు మీద బ్లాక్ అయి ఉందా?" అని రెండు ముక్కలే. మీరూ ఈ ఫోన్ మానకండి. జవాబు తడబడితే రిక్రూటర్‌ని వెంటనే వేరే అకౌంట్‌కి మ్యాప్ చేయమనండి. పక్కన ఇంకో ఇంటర్వ్యూ నడుస్తుంటే దాన్ని ఆపకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒకే పెద్ద కంపెనీలో అన్ని విభాగాలూ ఒకేలా ఉంటాయనుకోవడం మొదటిది. బ్యాంకింగ్ యూనిట్‌లో జావా వాళ్లకు కొరత ఉండగా, పక్క యూనిట్‌లో అదే జావా వాళ్లు బెంచ్‌లో ఉంటారు. యూనిట్ పేరు అడిగి, ఆ యూనిట్ మనిషితోనే మాట్లాడండి.

బెంచ్‌లో పడితే ఖాళీగా చదువుకోవచ్చులే అన్న పాత లెక్క రెండోది. కొన్నేళ్ల కిందట అది కొంత నిజం. పైన చెప్పిన 35 రోజుల లాంటి రూల్స్ వచ్చాక ఆ లెక్క చెల్లదు.

ఇండియా రూల్సునీ అమెరికా రూల్సునీ కలిపేయడం మూడోది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కన్సల్టెన్సీలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు, పని దొరకలేదని జీతం ఆపడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. వాళ్ల కథ విని ఇక్కడి కంపెనీని అంచనా వేయకండి, ఇక్కడి కథతో అక్కడికీ వెళ్లకండి.

సరిగ్గా కుదిరిందో లేదో చెక్ చేసుకోవడం

జాయినైన మొదటి వారంలో పోర్టల్‌లో మీ అలొకేషన్ పేజీ తెరవండి. నాలుగు చూడాలి: ప్రాజెక్ట్ కోడ్ ఉందా, శాతం 100 ఉందా, బిల్లబుల్ అని ఉందా, ముగింపు తేదీ ఎప్పుడు. ముగింపు తేదీ నెలాఖరే ఉంటే కంగారు వద్దు, చాలా ప్రాజెక్టుల్లో కాంట్రాక్ట్‌ని బట్టి నెలకో, క్వార్టర్‌కో పొడిగిస్తారు. కానీ తేదీకి రెండు వారాల ముందు "ఎక్స్‌టెన్షన్ వేశారా" అని మేనేజర్‌ని అడగడం మీ పనే.

మా తమ్ముడి పేజీలో శాతం 100 ఉంది కానీ బిల్లింగ్ దగ్గర బఫర్ అని కనిపించింది. భయపడి ఫోన్ చేశాడు. మేనేజర్‌కి మెయిల్ పెట్టమన్నాను: బిల్లింగ్ ఏ తేదీ నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా రోజులు నా బెంచ్ లెక్కలోకి వస్తాయా అని. క్లయింట్ యాక్సెస్‌లు ఆలస్యమయ్యాయి, డిసెంబర్ 1 నుంచి బిల్లింగ్ అని జవాబు వచ్చింది. మధ్యలో పోయిన నాలుగు వారాలు, అంటే 20 పనిదినాలు, అతని లెక్కలో పడ్డాయి. ఆ మెయిల్‌ని పీడీఎఫ్ చేసి పెట్టుకున్నాడు. అప్రైజల్‌లో ఆ 20 రోజుల గురించి అడిగితే చూపించడానికి.